తగ్గిన యూనిట్లు

మా చెల్లెలు ఖుర్షిదాకు పదిహేనో ఏట షుగరు జబ్బు బయటపడింది. అప్పటికి నేను ఏ.ఎన్.ఎం. ట్రైనింగు పూర్తిచేసి, అద్దంకికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న సబ్‌సెంటర్‌లో కొత్తగా చేరాను. మా నాన్న లేడు. అమ్మ మాబూబీకి అక్షరం ముక్క రాదు. చెల్లికి సిరంజి మరగబెట్టడం, తొడమీద చర్మం పట్టుకుని సూది దించడం, మూత్రం చుక్కలు నీలం మందులో వేసి కాచి రంగు చూసుకోవడం అన్నీ నేనే నేర్పాను. ఊళ్లో అందరికీ నేను నర్సమ్మని. దానికి మాత్రం డాక్టర్ని. ఏం జరిగినా ముందు నన్నడిగేది, నేను చెప్పిందే చేసేది.

ఇరవయ్యో ఏట దానికి పెళ్లయింది. నాగూర్ వలికి చిలకలూరిపేటలో పరుపులు కుట్టే దుకాణం ఉంది. జబ్బు సంగతి ముందే చెప్పాం. "సూది వేసుకుంటే తిరుగుతుంది కదా వదినా, ఇంకేం?" అన్నాడు. మంచివాడు.

పెళ్లయిన మూడేళ్లకి, ఎనభై ఆరు సెప్టెంబరులో, ఖుర్షిదా నెల తప్పిందని కబురు పంపాడు. అంతకుముందు రెండు కడుపులు నిలవకుండా పోయాయి. ఈసారి ఆలస్యం చెయ్యకుండా గుంటూరు తీసుకెళ్లాను. అక్కడ డాక్టర్ జయకుమారి గారని, కాన్పుల డాక్టరు. షుగరు ఉన్న గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారని మా పెద్ద డాక్టరు చీటీ రాసిచ్చారు.

ఆవిడ ఖుర్షిదాను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాతో కాకుండా దానితోనే మాట్లాడింది.

"ఇన్నాళ్లూ మూత్రం కాచి చూసుకున్నావు. ఇకమీదట అది నమ్మడానికి లేదు. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో చక్కెర సరిగ్గానే ఉన్నా మూత్రంలోకి దిగుతుంది. రక్తమే చూడాలి. పరగడుపున వంద దాటకూడదు. తిన్న రెండు గంటలకి నూట ఇరవై దాటకూడదు."

"ఎప్పుడైనా ఆస్పత్రిలో రక్తం చూపిస్తే నూట ఎనభై ఉన్నా మా అక్క బాగానే ఉందనేదండీ," అంది ఖుర్షిదా.

"అప్పుడు నీ ఒక్కదాని సంగతి. ఇప్పుడు నీ రక్తంలో చక్కెర బిడ్డకి పోతుంది. నీ ఇన్సులిన్ పోదు. ఆ చక్కెరని అరిగించుకోవడానికి బిడ్డే ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని అతిగా బరువెక్కుతుంది. పుట్టాక దాని చక్కెర పడిపోతుంది. అందుకే ఈ పట్టుదల."

రోజుకి ఒక్కసారి వేసుకునే ముప్ఫై రెండు యూనిట్లనీ పొద్దునా సాయంత్రం అని రెండుగా విడగొట్టింది. రెండు పూటలా నీళ్లలా ఉండే తేట మందూ, మబ్బు మందూ కలిపి. సిరంజిలోకి ముందు తేటది లాగాలి, తరవాతే మబ్బుది. కంటి డాక్టరు దగ్గరికి పంపి కంటి వెనక నరాలు చూపించింది. ఇది మూడు నెలలకోసారి మళ్లీ చూపించాలంది. మద్రాసు నుంచి తెప్పించిన రక్తపరీక్ష స్ట్రిప్పుల డబ్బా ఒకటి నా చేతికిచ్చింది. వేలు పొడిచి చుక్క వెయ్యాలి, నిమిషం ఆగి దూదితో తుడవాలి, ఇంకో నిమిషం ఆగి డబ్బామీది రంగులతో పోల్చాలి. అవి దొరకడం కష్టమని ఒక్కో స్ట్రిప్పును నిలువునా రెండుగా కత్తిరించుకోమంది.

మొదటి మూడు నెలల్లో ఖుర్షిదా చక్కెర అనుకోకుండా కిందికి జారేది. ఒకరోజు దుకాణంలో పరుపు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న మొగుడిని "ఎవరండీ మీరు?" అని అడిగిందట. ఒళ్లంతా చెమట. అతను గ్లాసుడు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంటకి అది మనిషయ్యాక, బస్సెక్కి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాంతుల వల్ల తిండి సరిగ్గా పోవడం లేదు. నేను మందు ముప్ఫై రెండు నుంచి ఇరవై ఆరుకి తగ్గించాను. తరవాతి వారం డాక్టరుగారు పుస్తకం చూసి "మంచిపని చేశావు. ఈ నెలల్లో ఇలా తగ్గడం మామూలే," అంది. ఆ మాట నాకు బిరుదిచ్చినట్టుంది. ఇంటికొచ్చి అమ్మకి రెండుసార్లు చెప్పాను.

అయిదో నెలనుంచి లెక్క తిరగబడింది. ముప్ఫై ఆరు, నలభై నాలుగు, యాభై రెండు. తిండి మారలేదు, మందు మాత్రం ఎక్కుతూనే ఉంది. మాయ పెరిగేకొద్దీ అందులోంచి వచ్చే రసాలు ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వవని, అది పెరగడమే సరైనదని డాక్టరుగారు చెప్పారు. స్కానింగులో బిడ్డ అవయవాలన్నీ చక్కగా ఉన్నాయి. ఏడో నెలలో ఖుర్షిదాను మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు డాక్టరుగారు నాకు విడిగా చెప్పిన మాటలు ఇవి:

"పెంచాల్సి వస్తే రెండేసి యూనిట్లు నువ్వే పెంచుకో, నన్నడగక్కర్లేదు. తగ్గించాల్సి వస్తే మాత్రం వెంటనే తీసుకురా. గురువారం గురువారం నాకు కనపడాలి. భోజనమయ్యాక పక్కకి తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టుకోవాలి. ముప్ఫై ఆరో వారంలో ఇక్కడ చేర్చుకుంటాను. ముప్ఫై ఎనిమిది దాటనివ్వను."

తగ్గించాల్సి వస్తే ఎందుకు రావాలో నేను అడగలేదు. చక్కెర పడిపోతే తల్లికి ప్రమాదం కాబట్టి అన్నారనుకున్నాను. అది చూసుకోవడం నాకు తెలుసుననుకున్నాను.

ఖుర్షిదా మా ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలూ నాకు బాగా గుర్తు. మిరపకాయల కాలం. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఎర్రగా ఆరబోసి ఉండేది. గాలి ఇటు తిరిగిందంటే ఇంట్లో పిల్లలతో సహా అందరం దగ్గేవాళ్లం. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. వారానికి రెండు మూడు రోజులే ఇంట్లో ఉండేవాడు. పొద్దున్నే వేలు పొడవడం, సూది వెయ్యడం, జొన్నరొట్టె ఎన్ని ముక్కలో లెక్కపెట్టి పెట్టడం, అన్నీ నేనే. దాన్ని సూది కూడా ముట్టుకోనివ్వలేదు. "నువ్వు కూర్చో, నేనున్నానుగా," అనేదాన్ని. ఖుర్షిదా నవ్వేది. "పెళ్లికి ముందులాగే ఉందక్కా," అనేది. ఇన్సులిన్ సీసాలు సెంటరు ఫ్రిజ్‌లో టీకా మందుల పక్కన పెట్టి, వారానికి సరిపడా రెండు రకాలదీ ఒక్కో సీసా ఇంటికి తెచ్చి తడి ఇసకలో పెట్టిన కుండలో దాచేదాన్ని.

ముప్ఫై నాలుగో వారానికి డెబ్బై యూనిట్లయింది. పరగడుపున తొంభై, తిన్నాక నూట పది, నూట పదిహేను. డాక్టరుగారు నా పుస్తకాన్ని పక్క గదిలో ఉన్న చిన్న డాక్టర్లకి చూపించింది. "పల్లెటూళ్లో కూర్చుని ఇలా పెట్టారు చూడండి," అంది. నేను తలవంచుకుని నిలబడ్డాను గాని, లోపల పొంగిపోయాను.

ఆ మార్చి నెల మాకు ఊపిరాడని నెల. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్టు నెలాఖరుకి పూర్తికావాలి. నా వాటాకి ఇంకా తొమ్మిదిమంది కావాలి. బుధ, గురువారాల్లో క్యాంపు పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి, అత్తల్ని బతిమాలి, మొగుళ్లని ఒప్పించి తొమ్మిదిమందినీ కూడగట్టాను. వాళ్లలో ఒక్కరు జారిపోయినా సూపర్‌వైజరు మీటింగులో నిలబెట్టి అడుగుతుంది.

ఆ వారమే సోమవారం పొద్దున, ఖుర్షిదా పరగడుపు రంగు అరవైకి దగ్గర వచ్చింది. చేతులు వణుకుతున్నాయంది. పాలు తాగించి, డెబ్బై యూనిట్లని అరవై నాలుగు చేశాను. మంగళవారం మళ్లీ అంతే. యాభై ఎనిమిది చేశాను. బుధవారం యాభై రెండు. తిండి ఎప్పటిలాగే తింటోంది. వాంతుల్లేవు, జ్వరం లేదు.

అమ్మ సంబరపడింది. "అల్లా దయవల్ల జబ్బు తగ్గుముఖం పట్టిందే!" అంది. ఖుర్షిదా నావైపు చూసింది.

"నిజమేనా అక్కా?"

"ఒళ్లు అలవాటు పడుంటుంది. మొదట్లో కూడా తగ్గలా?" అన్నాను.

మొదటి నెలల్లో తగ్గిస్తే డాక్టరమ్మ మెచ్చుకుంది కదా అని నా ధైర్యం. అప్పటి తగ్గుదల వేరు, ఆఖరి నెలల్లో తగ్గుదల వేరు అని నాకు తోచలేదు.

గురువారం గుంటూరు వెళ్లాల్సిన రోజు. బుధవారం సాయంత్రం క్యాంపు నుంచి వచ్చి చెప్పాను, ఈ వారం కుదరదు, సోమవారం వెళ్దామని.

"నేనూ అమ్మా వెళ్లొస్తాం లేక్కా. ఆయన్ని బస్టాండుకి రమ్మంటే గుంటూరుదాకా తోడొస్తాడు," అంది ఖుర్షిదా.

"నేను లేకుండా వెళ్తే డాక్టరుగారు అడిగినవాటికి ఎవరు చెప్తారే? మీ ఆయన చెప్తాడా? నాలుగు రోజుల్లో మునిగిపోయేదేం లేదు. సోమవారం పొద్దున బస్సుకే పోదాం."

అది మరో మాట అనలేదు. నేను చెప్పాక ఎప్పుడూ అనేది కాదు.

గురువారం నలభై ఎనిమిది యూనిట్లు. నేను క్యాంపులో ఉన్నాను. తొమ్మిదిమందికీ ఆపరేషన్లు బాగానే జరిగాయి. సూపర్‌వైజరు నా పేరు ముందు రాసుకుంది.

శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఖుర్షిదా పక్కకి తిరిగి పడుకుని చాలాసేపు లేవలేదు. "ఇవ్వాళ తక్కువ కదిలాడక్కా. గంటలో మూడుసార్లే," అంది. రోజూ పది దాకా వచ్చేవి. నేను చెక్క గొట్టం పొట్టమీద ఆనించి చెవిపెట్టి విన్నాను. గుండె కొట్టుకుంటోంది. నిమిషానికి నూట నలభై. గడియారం చూసి లెక్కపెట్టాను.

"బంగారంలా ఉంది. నెలలు నిండొస్తున్నాయి కదా, లోపల చోటు చాలక కదలడు," అన్నాను.

ఆ మాట చాలామంది గర్భిణులకి చెప్పాను. మా ట్రైనింగులో ఎవరూ అలా చెప్పలేదు. ముసలమ్మల నోట విని నేనూ అనడం మొదలుపెట్టాను. అది తప్పని ఇప్పుడు తెలుసు. చోటు తగ్గినా బిడ్డ కదలిక తగ్గకూడదు.

అప్పుడైనా బయలుదేరి ఉండొచ్చు. పోస్టాఫీసునుంచి ట్రంకుకాల్ చేసి ఉండొచ్చు. మా ఆయన ఆరోజు ఇంట్లోనే ఉన్నాడు. అడిగితే జీపు మాట్లాడేవాడు. గొట్టంలో గుండె వినపడింది కదా అని ఊరుకున్నాను.

ఆదివారం "నాలుగుసార్లు" అంది. ఆ రోజు నేను మళ్లీ గొట్టం పెట్టాను. వినపడింది.

సోమవారం పొద్దున సూది వేసేముందు ఖుర్షిదా నా చెయ్యి పట్టుకుంది. "రాత్రినుంచి లేదక్కా," అంది.

గొట్టం కుడిపక్క పెట్టాను. ఎడమపక్క పెట్టాను. బొడ్డు కింద పెట్టాను. నా చెవిలో నా నాడి తప్ప ఇంకేం లేదు. అది నా మొహంకేసి చూస్తూనే ఉంది. నేను తలెత్తలేదు. "బస్సుకి టైమయింది, చీర మార్చుకో," అన్నాను.

ముందే కబురు పెట్టాం కాబట్టి చిలకలూరిపేటలో నాగూర్ వలి బస్సెక్కాడు. అతని జుట్టునిండా దూది పోగులు. గుంటూరులో డాక్టరుగారు పరీక్ష చేసి, స్కానింగు కూడా చేయించి, బయటికొచ్చి బిడ్డ గుండె ఆగిపోయిందని మాతో చెప్పారు. నొప్పులు రావడానికి మందు పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. మూడు కిలోలకి దగ్గర. జుట్టు వత్తుగా ఉంది. గోళ్లు కూడా పెరిగున్నాయి.

డాక్టరుగారు నన్ను తన గదిలోకి పిలిచి నా పుస్తకం ముందుపెట్టుకుంది. నా అందమైన రాత. ఎర్ర ఇంకుతో గీతలు.

"డెబ్బై నుంచి నలభై ఎనిమిది. నాలుగు రోజుల్లో," అంది.

"అవునండీ."

"తగ్గితే రమ్మన్నాను."

"అవునండీ."

"ఆఖరి నెలల్లో కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం ఇంతగా పడిపోతే, మాయ పనిచెయ్యడం మానేస్తోందేమో అని మేం భయపడతాం. ఎప్పుడూ అదే కారణం కాదు. కొంతమందికి ఊరికే తగ్గుతుంది కూడా. కానీ ఆమెను చేర్చుకుని, బిడ్డ ఎలా ఉందో చూసి, అవసరమైతే ఆపరేషన్ చేసేదాన్ని."

"గురువారం వచ్చుంటే బతికేవాడా మేడమ్?"

ఆవిడ పుస్తకం మూసింది. "చెప్పలేను జైతున్‌బీ. బతికేవాడేమో. ఎందుకు రమ్మన్నానో కూడా ఆరోజు నీకు చెప్పుండాల్సింది. అది నా తప్పు."

ఆవిడ తిట్టి ఉంటే బావుండేదని చాలాకాలం అనుకున్నాను. తన తప్పని కూడా అనేసరికి నాకు ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. లేచి తలుపు తీస్తే, ఎదురుగా వార్డులో మొదటి మంచంమీద ఖుర్షిదా కళ్లు తెరుచుకునే ఉంది. తలుపు సరిగ్గా మూసుకోలేదు. అంతా వింది.

కాన్పయిన మర్నాడే దాని ఇన్సులిన్ ఇరవైకి పడిపోయింది. మాయ పోయాక అలాగే పడిపోతుంది. అది సరైన తగ్గుదల. మూడోరోజు పాలు పడ్డాయి. రొమ్ములు రాయిలా బిగిసిపోతే అమ్మ తెల్లగుడ్డ గట్టిగా చుట్టి కట్టింది. ఖుర్షిదా అరవలేదు. నేను సిరంజితో దగ్గరికి వెళ్తే చెయ్యి చాపింది.

"ఇటివ్వక్కా. నేను వేసుకుంటా."

ఇచ్చాను. అది తేట మందు ముందు లాగింది, మబ్బుది తరవాత లాగింది. గాలిబుడగ లేకుండా చూసుకుంది. నేను నేర్పినట్టే.

వార్డునుంచి అటే చిలకలూరిపేట వెళ్లిపోయింది. పండగలకి వచ్చేది, పలకరించేది, నవ్వేది. నా పిల్లలకి బట్టలు తెచ్చేది. జబ్బు సంగతి మాత్రం నాతో ఎత్తడం మానేసింది. "షుగరెలా ఉందే?" అంటే "బాగానే ఉంది," అనేది. ఎంత అని నేను అడగలేకపోయేదాన్ని.

ఎనభై తొమ్మిది నవంబరులో నాగూర్ వలి నుంచి కార్డు వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని, గుంటూరులోనే ఉన్నారని, తల్లీబిడ్డా క్షేమమని. కడుపుతో ఉన్నట్టు కూడా నాకు తెలియదు. కార్డు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పొయ్యిముందు తలవంచుకు కూర్చుంది.

"నీకు తెలుసా అమ్మా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుందే," అంది అమ్మ.

మర్నాడు మొదటి బస్సుకి వెళ్లాను. ఖుర్షిదా చిక్కిపోయింది. ముప్ఫై రెండో వారంనుంచే ఆస్పత్రిలో చేరి ఉందట. రోజూ బిడ్డ గుండె విన్నారట, వారానికోసారి స్కానింగు తీశారట. ముప్ఫై ఏడో వారంలో ఆపరేషన్ చేసి తీశారు. పాపకి పుట్టగానే చక్కెర పడిపోతే రెండురోజులు గ్లూకోజు ఎక్కించారు. ఇప్పుడు పాలు తాగుతోంది. నాగూర్ వలి ఇదంతా చెప్పి, మమ్మల్ని వదిలి బయటికెళ్లాడు.

పాపని నా చేతుల్లో పెట్టింది ఖుర్షిదాయే. బరువుగా, వెచ్చగా ఉంది. దాని చుట్టూ ఉన్న గుడ్డ సర్దాను.

"నామీద కోపమా?" అన్నాను చివరికి.

"కోపం కాదక్కా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

అది దుప్పటి అంచు సర్దుకుంది. "నువ్వు దగ్గరుంటే నీ మాటే వింటాను. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. ఆ శనివారం నాకు భయమేసింది. వెళ్దామని నోటిదాకా వచ్చింది. నువ్వు బంగారంలా ఉందన్నావు, ఇక నేను అనలేదు. ఈసారి నా భయం నేనే వినాలనుకున్నా."

తప్పయిపోయిందే అని ఆ రెండున్నరేళ్లలో ఎన్నిసార్లు అనాలనుకున్నానో. ఆరోజు అన్నాను. అది తలూపింది. "తెలుసక్కా," అంది.

అంతలో నర్సు ట్రేతో వచ్చింది. ఖుర్షిదా సిరంజి అందుకుని, యూనిట్లు ఎన్నని నర్సుని అడిగి, నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఎందుకు మారిందో కూడా అడిగింది. నర్సు చెప్పింది. అది శ్రద్ధగా విని, ఒప్పుకున్నాక వేసుకుంది. పాప ఏడుపు మొదలుపెట్టింది. వాళ్లమ్మకి అందించి, నేను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సుదాకా అక్కడే ఉన్నాను. వెళ్తున్నప్పుడు "మళ్లీ ఎప్పుడొస్తావక్కా?" అని ఖుర్షిదా అడిగింది. ఆదివారం వస్తానన్నాను.